దాచిన కాలమ్‌లు

ఈ వారం నన్ను చిరాకు పెట్టింది ఒక మెయిలు. హైదరాబాద్‌లో ఓ కంపెనీ హెచ్‌ఆర్‌లో పనిచేసే మా మేనకోడలు పంపింది. "మావయ్యా, ఇది రేపు పొద్దున స్టాఫ్ అందరికీ వెళ్లాలి. ఎవరి పేరూ రాయలేదు, చూశావా? ఒక్కసారి సరిచూసి పెట్టు" అంది. గవర్నమెంటు ఆఫీసులో మెమోలు రాసి రిటైరైనవాణ్ణని మా చుట్టాలందరికీ తెలుసు. ఇలాంటి చాకిరీ నాకు తగులుతూనే ఉంటుంది, నేనూ కాదనను.

మెయిలు మొదట్లోనే "అత్యంత గోప్యమైన సమాచారం బయటికి పొక్కినట్టు యాజమాన్యం దృష్టికి వచ్చింది" అని ఉంది. తర్వాత "మా విభాగంలో ఈమధ్యే చేరిన ఒక ఉద్యోగిని నిర్లక్ష్యం వల్ల మంగళవారం సాయంత్రం ఇది జరిగింది". ఆపైన రెండు పేరాల నిండా బెదిరింపులు: కఠిన చర్యలు, ఉద్యోగంలోంచి తొలగింపు, చట్టంలోని సెక్షన్లు. చివర సంతకం చోట "హెచ్‌ఆర్‌ టీమ్".

నిజమే, పేరు లేదు. హెచ్‌ఆర్‌లో ఉన్నది ఐదుగురు. ఈమధ్యే చేరింది ఒక్కతే. ఇక పేరు రాస్తే ఎంత, రాయకపోతే ఎంత?

ఇది మెయిళ్లకు మాత్రమే ఉన్న జబ్బు కాదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్ర ఉద్యోగుల ఆసుపత్రి రికార్డులను 1990లలో పేర్లు తీసేసి పరిశోధకులకు ఇచ్చారు. అప్పటికి విద్యార్థినిగా ఉన్న లతన్యా స్వీనీ ఆ రికార్డులను ఓటర్ల జాబితా పక్కన పెట్టి చూసింది. పుట్టిన తేదీ, ఆడా మగా, పిన్‌కోడు, ఈ మూడూ కలిపేసరికి ఆ రాష్ట్ర గవర్నరుగారి రికార్డే చేతికి వచ్చింది. మా మేనకోడలి మెయిల్లోనూ అవే మూడు రకాల ఆనవాళ్లున్నాయి: ఏ విభాగం, ఆడా మగా, ఎప్పుడు చేరింది. కాబట్టి పేరు లేని మెయిలు రాయాలంటే పేరు తీసేయడం మొదటి మెట్టు మాత్రమే. విభాగం పోవాలి, రోజు పోవాలి, "ఉద్యోగిని" పోవాలి. "ఈమధ్యే చేరిన" అనే మాట ముందే పోవాలి. మిగిలిన వివరాలకు ఎంతమంది సరిపోతారో లెక్కపెట్టుకోవాలి. ఆ లెక్క ఒకరి దగ్గరో ఇద్దరి దగ్గరో ఆగితే అది పేరు రాసినట్టే.

ఇంతకీ పొక్కిందేమిటని అడిగాను.

కంపెనీ గ్రూప్ మెడికల్ ఇన్సూరెన్స్ రెన్యువల్ టైము. ఎవరి పాలసీలో ఎవరెవరున్నారు, తల్లిదండ్రుల పేర్లూ పుట్టిన తేదీలూ సరిగా ఉన్నాయా అని ఉద్యోగులే సరిచూసుకోవాలి. బ్రోకరు పంపిన ఎక్సెల్ షీట్లో ఆ వివరాలతోపాటు నిరుటి క్లెయిములు కూడా ఉన్నాయి: ఏ ఆసుపత్రి, ఏ జబ్బు, ఎంత సొమ్ము. ఈమధ్యే చేరిన ఆ ఉద్యోగిని క్లెయిముల కాలమ్‌లన్నీ దాచేసి షీటును ఒక టీమ్ లీడుకు పంపింది. ఆయన అందరూ చూసుకుంటారని టీమ్ వాట్సాప్ గ్రూపులో పడేశాడు. లాప్‌టాప్‌లో తెరిచిన కుర్రాడొకడికి `E` పక్కన `F` ఉండాల్సిన చోట `M` కనిపించింది. రెండు కాలమ్‌లూ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ కొట్టి, `Unhide` అన్నాడు. అంతే. మర్నాడు క్యాంటీన్లో ఒకాయన్ని ఎవరో "మీ అమ్మగారికి కీమో అయిపోయిందా సార్?" అని అడిగారు, మంచి మనసుతోనే. ఆయన ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

ఎక్సెల్లో కాలమ్ దాచడం కంటికి అడ్డం పెట్టడమే, ఫైల్లోంచి తీసేయడం కాదు. ఫిల్టర్ పెట్టి కనపడకుండా చేసిన వరసలూ అలాగే ఫైలు వెంట వెళ్తాయి. ఉత్తర ఐర్లండ్ పోలీసు శాఖ 2023 ఆగస్టులో సమాచార హక్కు దరఖాస్తు ఒకదానికి జవాబుగా పంపిన స్ప్రెడ్‌షీట్లో కంటపడని ట్యాబ్ ఒకటి ఉండిపోయింది. దాంతో దాదాపు 9,500 మంది పోలీసు సిబ్బంది పేర్లు, హోదాలు, పనిచేసే చోట్లు బయటికి వచ్చేశాయి. అక్కడ పోలీసంటే ప్రాణభయం ఉన్న ఉద్యోగం. మరుసటి ఏడు ఆ శాఖకు ఏడున్నర లక్షల పౌండ్ల జరిమానా పడింది. మందు మాత్రం చిన్నదే. అవసరమైన కాలమ్‌లను మాత్రమే కాపీ చేసి, కొత్త ఫైల్లో విలువలుగా పేస్టు చేసి, ఆ కొత్త ఫైలును పంపాలి. పంపేముందు `Inspect Document` నొక్కితే దాచిన వరసలూ కాలమ్‌లూ షీట్లూ ఉంటే చెప్తుంది.

మా సూపర్నెంటుగారి గురించి ఈ కాలమ్‌లో చాలాసార్లు రాశాను, పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆయన దగ్గర నేను గుమాస్తాగా చేరిన కొత్తలో ప్రమోషన్ ప్యానెల్ జాబితా ఒకటి తయారవుతోంది. గోప్యమైన కాగితం పంపే పద్ధతి అప్పుడొకటుండేది. లోపలి కవరుకు లక్క సీలు వేసి దాని మీదే "కాన్ఫిడెన్షియల్" ముద్ర కొట్టేవారు. దాన్ని ఇంకో కవర్లో పెట్టి, పైకవరు మీద చిరునామా తప్ప ఏమీ లేకుండా పంపేవారు. దారిలో చూసినవాడికి లోపల రహస్యం ఉందన్న సంగతే తెలియకూడదు. ఆ జాబితానూ అలాగే పంపారు. అయినా అది పై ఆఫీసుకు చేరేలోపే మా ఆఫీసు ముందు టీకొట్లో వరస నంబర్లతో సహా వినిపించింది.

రెండు రోజుల్లో మెమో దిగింది. ఎవరి పేరూ లేదు. "టైపింగు సెక్షనులోని సిబ్బంది గోప్యత పాటించవలెను" అని ఒకే వాక్యం. టైపిస్టులు ఇద్దరు, అందులో ఒకరు ఆ వారమంతా సెలవు. రెండో ఆయనతో మాట్లాడేవాళ్లు తగ్గిపోయారు. జాబితాలో కిందికి జారినవాళ్లు ఆయన్ని మొహం మీదే అన్నారు. ఆయన సూపర్నెంటుగారి దగ్గరికొచ్చి, "అయ్యా, నా పేరే రాసి ఛార్జిషీటు ఇప్పించండి, జవాబన్నా చెప్పుకుంటాను" అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. పేరు రాస్తే తిరిగి జవాబు చెప్పే హక్కు ఉంటుంది. పేరు రాయకుండా వేలెత్తి చూపిస్తే అదీ ఉండదు.

సంగతి బయటపడింది నెల తర్వాత. జాబితా ఐదు కాపీలు కొట్టారు, మధ్యలో కొత్త కార్బన్లు పెట్టి. కొత్త కార్బన్ ఒక్కసారి వాడితే కొట్టిన అక్షరాలన్నీ దాని మీద అచ్చంగా మిగిలిపోతాయి, వెలుతురుకు పెట్టి చదువుకోవచ్చు. గోప్యమైన టైపింగు అయ్యాక కార్బన్లు కాల్చేయాలని రూలు. ఎవరు కాల్చాలో మాత్రం మా ఆఫీసులో ఎవరికీ అప్పజెప్పలేదు. అవి చెత్తబుట్టలో పడ్డాయి. బుట్ట రోజూ సాయంత్రం వరండాలోకి వెళ్లేది. సూపర్నెంటుగారు టైపిస్టును పిలిచి ఓదార్చారు. రెండో మెమో మాత్రం వెళ్లలేదు. "పేరు రాయలేదు కదా, ఎవరి పేరు మీద వాపసు తీసుకుంటాం?" అన్నారట పైవాళ్లు.

మా అమ్మాయికి ఈ కథంతా ఫోన్లో చెప్పాను. "అయితే మెయిలు పంపొద్దంటావా మావయ్యా?" అంది. నిజానికి అలాగే అందామనుకున్నాను. రెండువందల మందికి మెయిలు పెడితే, ఆ ఫైలు చూడనివాళ్లు కూడా వెతుక్కుంటారు. పదిహేనుమంది గ్రూపులో జరిగినదాన్ని బిల్డింగంతా చాటడం దేనికి?

కానీ మర్నాటికే బిల్డింగులో "జీతాల షీటు లీకైంది" అనే పుకారు తిరుగుతోందని తెలిసింది. ఉన్నదాని కంటే పెద్దదే పుట్టింది. మెయిలు వెళ్లక తప్పదు. అయితే వెళ్లాల్సినవి మూడు, అందరికీ పోయేది అన్నిటికంటే చివర.

మొదటిది ఎవరి సంగతి బయటపడిందో వాళ్లకు, ఒక్కొక్కరికీ విడిగా. వాళ్లకు మాత్రం ఏమీ దాచకూడదు: ఏ కాలమ్‌లు కనిపించాయి, ఎంతమందికి చేరింది, ఇప్పటికి ఏం చేశాం. "చిన్న లీకే కదా" అని కంపెనీ అంటోంది. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం పొరపాటున బయటపెట్టడాన్ని కూడా ఉల్లంఘనగానే లెక్కగడుతుంది, చిన్నదీ పెద్దదీ అని తేడా చూపదు. బాధితులకు చెప్పమంటుంది. ఆ బాధ్యత పూర్తిగా అమలు కావడానికి 2025 నవంబరు నుంచి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారనుకోండి. కీమో అడిగించుకున్న పెద్దమనిషికి గడువుతో పనేముంది? రెండోది గ్రూపులో ఫైలు అందుకున్నవాళ్లకు: చెరిపేయండి, ఇంకెవరికైనా పంపి ఉంటే చెప్పండి, చెప్పినందుకు ఏ చర్యా ఉండదు. ఆ చివరి మాట లేకపోతే ఎవరూ నోరు విప్పరు. గ్రూపులో మెసేజ్ తీసేసినా ఇంకోచోట దాచుకున్న కాపీ పోదు కాబట్టి, వాళ్లు నోరు విప్పడమే మనకు దిక్కు.

మూడోది అందరికీ వెళ్లేది. మేమిద్దరం కలిసి ఇలా తయారుచేశాం. వెళ్లాల్సింది ఇంగ్లీషులో, మీకోసం తెలుగులో:

"ఆరోగ్య బీమా సరిచూసుకోవడానికి ఇచ్చిన ఒక ఫైల్లో ఉండకూడని వివరాలు ఉండిపోయాయి. జీతాల వివరాలు అందులో లేవు. ఎవరి వివరాలు ఉన్నాయో వారందరితో విడిగా మాట్లాడాం. ఇలాంటి ఫైళ్లు పంపేముందు సరిచూసే పద్ధతి మా దగ్గర లేదు, ఈ వారం పెట్టాం. ఇకపై ఉద్యోగుల వివరాలున్న ఏ ఫైలునూ వాట్సాప్‌లో పెట్టకండి. మీకు సంబంధం లేని వివరాలు కనిపిస్తే తెరవకుండా, ఎవరికీ పంపకుండా నాకు ఫోన్ చేయండి. ఎవరు చేశారని దయచేసి వెతక్కండి."

గోప్య వ్యవహారాల్లో ఎవరి పేరూ రాయకూడదని ఇన్నేళ్లుగా ఈ పేజీలో మొత్తుకుంటున్నవాణ్ణి. ఈ మెయిలు చివర మాత్రం ఒక పేరు ఉండి తీరాలని పట్టుబట్టాను, హెచ్‌ఆర్‌ హెడ్డుది. "నాకు ఫోన్ చేయండి" అంటే ఆ "నాకు" ఎవరో తెలియాలి. మనిషిని దాచడం న్యాయం, ఆఫీసును దాచడం తప్పించుకోవడం. పాత డ్రాఫ్టులో జరిగింది సరిగ్గా దీనికి ఎదురు: కొత్తగా చేరిన పిల్ల అందరికీ కనిపించింది, ఆ షీటును జబ్బులతో సహా ఆమె చేతికిచ్చినవాళ్లు "టీమ్" వెనక నిలబడ్డారు.

హెడ్డుగారు డ్రాఫ్టు చూసి "సరిచూసే పద్ధతి మా దగ్గర లేదు" అన్న వాక్యం కొట్టేశారు, లీగల్ వాళ్లు ఒప్పుకోరట. మా అమ్మాయి ఆ వాక్యాన్ని మళ్లీ పెట్టి పంపింది. ఈ కాలమ్ రాసే సమయానికి మెయిలు ఇంకా డ్రాఫ్టుల్లోనే ఉంది. మొదటి రకం మెయిళ్లు మాత్రం నిన్న సాయంత్రం వెళ్లాయి, కింద హెడ్డుగారి పేరుతోనే.