వచ్చిన టైమ్ తీసేయకపోతే

పుల్లలచెరువు నుంచి మార్కాపురం, ఒంగోలు, వినుకొండ వైపు ఇంజినీరింగ్ చదువులకు వెళ్లిన పిల్లలు సెమిస్టర్ పరీక్షల ముందు ఊరికి వస్తారు. వాళ్లలో కంప్యూటర్ సైన్స్ వాళ్లు ఆపరేటింగ్ సిస్టమ్స్ నోట్సు పట్టుకుని మా ఇంటికి వస్తుంటారు. నేను ఏళ్లుగా చెబుతున్న సబ్జెక్టు అదే. సీపీయూ షెడ్యూలింగ్ లెక్క ఇస్తే వాళ్లు గాంట్ చార్ట్ చక్కగా గీస్తారు. ఏ ప్రాసెస్ ఎప్పుడు మొదలైందో, ఎవరిని ఆపి ఎవరికి సీపీయూ ఇచ్చారో అన్నీ సరిగ్గానే ఉంటాయి. ఆ తర్వాత వెయిటింగ్ టైమ్ వేసేటప్పుడు మాత్రం చార్టులో అంకెను ఉన్నదున్నట్టు దించేస్తారు. ప్రాసెస్ ఎప్పుడు వచ్చిందో ఆ టైమ్ తీసేయరు. చార్టంతా ఒప్పు, సగటు తప్పు.

ఒక లెక్క తీసుకుందాం. నాలుగు ప్రాసెస్‌లు, టైమ్ మిల్లీసెకన్లలో.

```
ప్రాసెస్    అరైవల్    బర్స్ట్
P1          0         6
P2          1         3
P3          2         1
P4          5         4
```

ముందు వచ్చిన వాళ్లకు ముందు, అంటే ఎఫ్‌సీఎఫ్‌ఎస్ పద్ధతిలో P1 సున్నా నుంచి 6 దాకా, P2 6 నుంచి 9 దాకా, P3 9 నుంచి 10 దాకా, P4 10 నుంచి 14 దాకా నడుస్తాయి. పిల్లలు మొదలైన టైములను అలాగే కూడుతారు. 0, 6, 9, 10 కలిపితే 25, నాలుగుతో భాగిస్తే 6.25. అసలు జవాబు అది కాదు. P2 వచ్చిందే 1 దగ్గర, కాబట్టి అది ఆగింది 5. P3 ఆగింది 7, P4 ఆగింది 5. P1 అసలు ఆగలేదు. మొత్తం 17, సగటు 4.25.

పుల్లలచెరువు తహసీల్దారు ఆఫీసు పదింటికి తెరిచారనుకోండి. మీరు పన్నెండుకు వెళ్లారు, పన్నెండున్నరకు మిమ్మల్ని లోపలికి పిలిచారు. మీరు కూర్చున్నది అరగంట. ఆఫీసు తెరిచినప్పటి నుంచి లెక్కేసి రెండున్నర గంటలు ఆగానని ఎవరూ చెప్పరు. పరీక్ష కాగితం మీద మాత్రం పిల్లలు సరిగ్గా అదే చెబుతున్నారు.

ఇంత తేలికైన సంగతిలో పొరపాటు ఎందుకు జరుగుతోందంటే, అది మొదటి పాఠంలోనే నాటుకుంటోంది. మన కాలేజీల్లో ఎక్కువగా చదివే సిల్బర్‌షాట్జ్, గాల్విన్‌ల పుస్తకంలో ఎఫ్‌సీఎఫ్‌ఎస్‌కు ఇచ్చిన తొలి ఉదాహరణ చూడండి. బర్స్ట్ టైములు 24, 3, 3. మూడు ప్రాసెస్‌లూ సున్నా దగ్గరే వచ్చాయి. అందుకే మొదలైన టైమే వెయిటింగ్ టైమ్ అవుతుంది. 0, 24, 27, సగటు 17. ఉదాహరణలో తప్పేమీ లేదు. విద్యార్థి మనసులో మాత్రం చార్టులో ఎడమ అంకే వెయిటింగ్ టైమ్ అన్న సూత్రం స్థిరపడిపోతుంది. అక్కడ సున్నాను తీసేసినా, తీసేయకపోయినా జవాబు ఒకటే. అందువల్ల తీసివేత అనేది ఒకటుందని కూడా ఎవరికీ తోచదు.

తర్వాత ల్యాబ్ దాన్ని ఇంకా గట్టి చేస్తుంది. రికార్డుల్లో ఏళ్ల తరబడి ఒకరి నుంచి ఒకరు ఎక్కించుకుంటున్న సీ ప్రోగ్రాములో అసలు పని చేసేది ఈ రెండు లైన్లే.

```c
wt[0] = 0;
for (i = 1; i < n; i++) wt[i] = wt[i-1] + bt[i-1];
```

దీంట్లో అరైవల్ టైమ్ ఊసే లేదు. అన్నీ సున్నా దగ్గర వచ్చినప్పుడు ఇది సరైనదే. కొందరు పై భాగంలో అరైవల్ టైములు అడిగి `at[i]`లో చదువుకుంటారు, కింద లెక్కలో మాత్రం వాడరు. మన నాలుగు ప్రాసెస్‌లను దీనికిస్తే 0, 6, 9, 10 అనే చెబుతుంది. చేత్తో వేసిన జవాబు, మెషీన్ ఇచ్చిన జవాబు రెండూ 6.25 అని కలిసేసరికి విద్యార్థికి ఇక అనుమానమే రాదు.

చార్టు స్వభావం కూడా ఇందులో ఒక కారణం. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో హెన్రీ గాంట్ అనే అమెరికన్ ఇంజినీరు ఫ్యాక్టరీ పనులను గీతల్లో చూపేందుకు వాడిన పద్ధతి ఇది. మన పాఠంలో ఒకే పట్టీ గీస్తాం, ఆ పట్టీ సీపీయూది. ఏ క్షణంలో సీపీయూ ఎవరి పని చేస్తోందో అది చెబుతుంది. బయట ఎవరు వరుసలో నిలబడి ఉన్నారో, వాళ్లు ఎప్పుడొచ్చారో పట్టీలో ఎక్కడా ఉండదు. అరైవల్ టైమును చార్టు గీసేటప్పుడు ఒకసారి వాడేశాం కాబట్టి దాని పని అయిపోయిందని పిల్లలు అనుకుంటారు. నిజానికి దానితో రెండుసార్లు పని ఉంటుంది, గీసేటప్పుడు ఒకసారి, కొలిచేటప్పుడు ఒకసారి.

ఇప్పుడు అదే లెక్కను ఎస్‌ఆర్‌టీఎఫ్ పద్ధతిలో చేద్దాం. మిగిలిన పని ఎవరికి తక్కువుంటే వాళ్లకే సీపీయూ. 1 దగ్గర P2 వచ్చేసరికి P1కి ఇంకా 5 మిగిలింది, P2కి 3 చాలు. కాబట్టి P1ను ఆపుతాం. 2 దగ్గర P3 వచ్చింది, దానికి 1 చాలు, P2కి 2 మిగిలింది. P2ను ఆపుతాం. 3 దగ్గర P3 అయిపోయి P2 మళ్లీ ఎక్కి 5కి ముగుస్తుంది. సరిగ్గా 5 దగ్గర P4 వచ్చింది, దానికి 4, P1కి 5. P4 వెళ్లి 9కి ముగుస్తుంది, చివర P1 9 నుంచి 14 దాకా నడుస్తుంది.

```
| P1 | P2 | P3 | P2 | P4 | P1 |
0    1    2    3    5    9    14
```

ముగిసిన టైములు వరుసగా 14, 5, 3, 9. అరైవల్ తీయకుండా బర్స్ట్ ఒక్కటే తీసేస్తే 8, 2, 2, 5 వస్తాయి, సగటు 4.25. సరిగ్గా చేస్తే 8, 1, 0, 0, సగటు 2.25.

ఇక్కడ ఆగి ఒక సంగతి చూడాలి. ఎఫ్‌సీఎఫ్‌ఎస్‌లో తప్పు జవాబుకూ ఒప్పు జవాబుకూ తేడా 2. ఎస్‌ఆర్‌టీఎఫ్‌లోనూ తేడా 2. ఇది యాదృచ్ఛికం కాదు. తీసేయనప్పుడు ప్రతి ప్రాసెస్‌కూ దాని అరైవల్ టైమ్ అంత ఎక్కువ పడుతుంది. అరైవల్‌ల మొత్తం 8, నలుగురికీ పంచితే 2. ఏ పద్ధతిలో చేసినా తప్పు సైజు అరైవల్ టైముల సగటే. ఈ తప్పు ఇన్నాళ్లు దాక్కోగలగడానికి కారణం కూడా ఇదే. రెండు పద్ధతుల్లో ఏది మేలని అడిగితే, రెంటికీ ఒకే బరువు కలిసింది కనుక తప్పు లెక్కతోనూ ఎస్‌ఆర్‌టీఎఫ్ మేలనే తేలుతుంది. విద్యార్థికి తన దారి సరైనదేనన్న నమ్మకం కుదురుతుంది.

ఆ నమ్మకం రెండు చోట్ల దెబ్బతింటుంది. ఎంత శాతం మేలని అడిగితే, సరైన లెక్కలో 4.25 నుంచి 2.25కి, దాదాపు 47 శాతం తగ్గింది. తప్పు లెక్కలో 6.25 నుంచి 4.25కి, 32 శాతమే. ఇక ఒక పద్ధతిలో తీసేసి మరోదాంట్లో మరచిపోతే పరిస్థితి ఇంకా ఘోరం. ఎఫ్‌సీఎఫ్‌ఎస్‌ను సరిగ్గా, ఎస్‌ఆర్‌టీఎఫ్‌ను తప్పుగా వేసిన విద్యార్థికి రెండూ 4.25 వస్తాయి. ప్రాసెస్‌లను ఆపి మరీ మార్చినా ఒరిగిందేమీ లేదని అతను రాస్తాడు. సబ్జెక్టు నేర్పాలనుకున్న పాఠానికి అది పూర్తిగా ఎదురు.

సెమిస్టర్ పరీక్షలో చార్టుకు, స్టెప్పులకు కొన్ని మార్కులు పడతాయి. గేట్‌లో అంకె టైపు చేయాల్సిన ప్రశ్న వస్తే ఆప్షన్లూ ఉండవు, స్టెప్పుల మార్కులూ ఉండవు. చార్టు ఎంత చక్కగా ఉన్నా 2.25 బదులు 4.25 కొడితే వచ్చేది సున్నా.

తప్పు జరిగిందో లేదో తెలుసుకోవడానికి జవాబుల పేజీ తిప్పక్కర్లేదు. ముందు, వచ్చిన క్షణమే సీపీయూ దొరికిన ప్రాసెస్ కోసం చూడండి. మన చార్టులో P3 వచ్చింది 2కి, ఎక్కింది 2కి, ఆగకుండా ముగించింది. దాని వెయిటింగ్ టైమ్ సున్నా కావాలి. మీ పట్టికలో 2 అని ఉంటే తీసివేత జరగలేదు. P4దీ అదే కథ.

రెండోది ఇంకా గట్టి పరీక్ష, ఎందుకంటే అది సూత్రం మీద ఆధారపడదు. చార్టు కింద ప్రతి ముక్కలో ఎంతమంది వరుసలో ఆగి ఉన్నారో రాయండి. 0 నుంచి 1 దాకా ఎవరూ లేరు. 1 నుంచి 2 దాకా P1 ఒక్కటే, అంటే 1. 2 నుంచి 3 దాకా P1, P2 ఇద్దరు, అంటే 2. 3 నుంచి 5 దాకా P1 ఒక్కటి, రెండు మిల్లీసెకన్లకు 2. 5 నుంచి 9 దాకా మళ్లీ P1 ఒక్కటే, 4. తర్వాత ఎవరూ లేరు. మొత్తం 9. 8, 1, 0, 0 కూడినా 9. రెండు దారుల్లో ఒకే అంకె వచ్చింది కనుక లెక్క సరైనదే. తప్పు లెక్క మొత్తం 17 వస్తుంది, ఆ వరుసలో అందరూ కలిసినా అంతసేపు నిలబడలేదు.

ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ముగిసిన టైమ్ నుంచి అరైవల్, బర్స్ట్ రెండూ తీసేయడం సీపీయూ పని ఒక్కటే ఉన్న లెక్కలకు సరిపోతుంది. మధ్యలో ప్రాసెస్ డిస్కు కోసమో కీబోర్డు కోసమో వెళ్తుందని ప్రశ్నలో ఇస్తే ఆ ఇన్‌పుట్ అవుట్‌పుట్ టైమ్ కూడా తీసేయాలి. అప్పుడది సీపీయూ వరుసలో లేదు కదా.

ఇక ల్యాబ్ ప్రోగ్రామును సరిచేయడానికి నాలుగు లైన్లు చాలు. ప్రాసెస్‌లు వచ్చిన వరుసలో ఉంటే, సున్నాతో మొదలుపెట్టిన `t`తో లూపులో ఇలా రాయాలి.

```c
if (t < at[i]) t = at[i];
t = t + bt[i];
tat[i] = t - at[i];
wt[i] = tat[i] - bt[i];
```

మొదటి లైను సీపీయూ ఖాళీగా ఉన్న సందర్భాన్ని చూసుకుంటుంది. తొలి ప్రాసెస్ 2 దగ్గర వస్తే చార్టు కూడా 2 దగ్గరే మొదలవుతుంది, దాని వెయిటింగ్ సున్నాగానే ఉంటుంది.

ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పే తోటి టీచర్లను నేను కోరేది ఒక్కటే. అన్నీ సున్నా దగ్గర వచ్చే ఉదాహరణతో పాఠం మొదలుపెట్టకండి. బోర్డు మీద వేసే మొట్టమొదటి లెక్కలోనే కనీసం ఒక ప్రాసెస్‌ను ఆలస్యంగా రానివ్వండి. రికార్డులో ఆ పాత రెండు లైన్లు కనబడితే సంతకం పెట్టకండి.