తల వంచి చూసిన యానాం

తాతయ్య కెమెరా పట్టుకుని వీధిలోకి వెళ్లే కుర్రాడి కథ అనగానే కాస్త జంకాను. పాత రోజుల మీద బెంగ పుట్టించి కన్నీళ్లు రాబట్టే కథలు మనకు తక్కువేం లేవు. యానాంలో డిగ్రీ చదువుతున్న ఒక కుర్రాడు రాసిన ఈ కథ ఇంకా అచ్చుకాలేదు, పేరు కూడా ఖాయం కాలేదు. ఇందులో బెంగ ఊసే లేదు. కథ నడకంతా ఆ కెమెరా పనిచేసే తీరులోంచే వచ్చింది.

కెమెరా యాషికా-మ్యాట్, రెండు లెన్సుల పెట్టె. పై లెన్సు చూడ్డానికి, కింది లెన్సు తీయడానికి. పొట్ట దగ్గర పట్టుకుని, పైమూత తెరిచి, తల వంచి గరుకు గాజు మీద పడే బొమ్మను చూడాలి. బొమ్మ నిటారుగానే ఉంటుంది గానీ, లోపల ఒక్క అద్దమే ఉండడంతో కుడి ఎడమలు తారుమారవుతాయి. రచయిత ఈ సంగతి ఎక్కడా చెప్పడు. గౌతమి ఒడ్డున కుర్రాడు నిలబడ్డాడు. పడవ కుడివైపుకి పోతోంది, గాజు మీద మాత్రం ఎడమవైపుకి జరుగుతోంది. వాడు దాని వెంట కెమెరాను ఎడమకి తిప్పుతాడు, పడవ మాయం. మొదటి బొమ్మలో మిగిలినవి ఖాళీ నీళ్లు, దూరంగా ఎదుర్లంక వంతెన. ఈ కెమెరా కొత్తగా పట్టిన ప్రతివాడూ చేసే పొరపాటే ఇది. వాడికి కెమెరా చేతకాదని చెప్పడానికి ఇంకో వాక్యం అవసరపడలేదు.

నాకు బాగా నచ్చింది బార్ల వీధి. యానాం పుదుచ్చేరిలో భాగం కాబట్టి మందు చవక, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇక్కడికే వస్తారు. ఆ బోర్డులు కుర్రాడికి పుట్టిన దగ్గర్నుంచీ తెలిసినవే. గాజు మీద అక్షరాలన్నీ తిరగబడ్డాయి, చదవడం కుదరలేదు. దాంతో మొదటిసారి వాటి రంగు కనిపించింది: వెలిసిన ఎరుపు, దాని కింద అంతకుముందున్న ఏదో దుకాణం తాలూకు నీలం. 'కొత్తగా చూశాడు' అని రాసేసి ఊరుకునే చోట, ఎందుకు కొత్తగా కనిపించిందో చూపించాడు. రోజూ చదివేసి దాటిపోయేది చదవడానికి వీల్లేకపోతే చూడక తప్పదు.

తల వంచి చూడడం వల్ల ఇంకో మేలు. వాడు తమని ఫొటో తీస్తున్నాడని ఎవరికీ తట్టదు. "ఏం పారేసుకున్నావురా అబ్బాయ్?" అని ఒకావిడ అడిగి, తనూ నేల వెతకడం మొదలుపెడుతుంది. కథంతటికీ నవ్వొచ్చే చోటు ఇదొక్కటే, అది కూడా కెమెరా పుణ్యమే.

తాతయ్య పనివాడని చెప్పిన తీరూ అంతే పొదుపుగా ఉంది. ఏళ్ల తరబడి వాడని షట్టర్‌లో జిడ్డు గడ్డకడుతుంది. ఎక్కువ వేగాలు బాగానే పలుకుతాయి గానీ, సెకను, అరసెకను దగ్గర కిర్రుమంటూ మధ్యలో ఆగిపోతుంది. తాతయ్య కెమెరా చూడనైనా చూడడు, పేపరు చదువుకుంటూ ఆ చప్పుడు విని, "ఒరేయ్, దానికి చీకటి పనికిరాదు. ఎండలో పదహారు, నూటపాతిక" అంటాడు. వంద నంబరు ఫిల్ముకి నిండు ఎండలో లెన్సు పదహారు దగ్గర, షట్టర్ సెకనులో నూటపాతికో వంతు దగ్గర పెట్టాలని. ఆయన వెనకటి జీవితం గురించి కథలో ఇంకేం లేదు, అక్కర్లేదు కూడా. పైగా ఈ ఒక్క లోపం వల్ల అందమైన సాయంత్రపు వెలుగులన్నీ కథలోంచి ఎగిరిపోయాయి. వాడు చూసిందంతా మిట్టమధ్యాహ్నపు యానాం, ఎవరూ ఫొటో తీయని వేళ.

కొర్తాసర్ 1959 నాటి కథలో పారిస్‌లోని ఫొటోగ్రాఫరుకి అసలు విషయం తర్వాత, గోడకు తగిలించిన పెద్ద ఫొటోలో బయటపడుతుంది. ఈ కథలో ముఖ్యమైనదంతా మీట నొక్కకముందే అయిపోతుంది. అందుకే రోలులో ఉన్న పన్నెండు బొమ్మల్లో మనకు చూపించేవి నాలుగే.

ఆ నాలుగోదాని దగ్గరే నాకు పేచీ. చేపల తట్ట ఎత్తుకున్నావిడని వాడు మీటరు దూరంలో తీస్తాడు. కింది లెన్సు పైదానికంటే నాలుగైదు సెంటీమీటర్లు కిందుంటుంది కాబట్టి, అంత దగ్గర్లో గాజు మీద కనిపించిన పైఅంచు ఫిల్ము మీదకి రాదు. కడిగించి తెచ్చిన ఫొటోలో తట్ట పైఅంచు తెగిపోయింది, చేపలు లేవు. ఆవిడ ఫొటో చూసి, "చేపలేవిరా?" అంటుంది. అద్భుతమైన మాట, కథ అక్కడ ఆగాల్సింది. రచయిత ఆగలేదు. కంటికి కనిపించేది వేరు, చేతికి చిక్కేది వేరు అంటూ కుర్రాడి చేత రెండు వాక్యాలు అనిపించాడు. అప్పటిదాకా కెమెరా చేసిన పనిని చివర్లో తను లాక్కున్నాడు. ఆ రెండూ కొట్టేయమని రాశాను. ఒక్కటి కొట్టేస్తానని జవాబిచ్చాడు, బేరం నడుస్తోంది.