స్లాబు సెగ, స్లాబు చలవ

మే నెలలో డాబా ఇంట్లో రాత్రి పడుకున్నవాళ్లకు స్లాబు సెగ సంగతి చెప్పనక్కర్లేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, పైనుంచి సెగ దిగుతూనే ఉంటుంది. రేడియంట్ కూలింగ్ దీనికి తలకిందులు. స్లాబులో వేసిన పైపుల్లో చల్లటి నీళ్లు తిరుగుతాయి, ఒంటి వేడిని స్లాబే లాక్కుంటుంది. అందుకే గాలిని అంతగా చల్లబరచనక్కర్లేదు. హైదరాబాద్ పోచారంలోని ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో ఒకే భవనాన్ని రెండుగా విభజించి, ఒక సగంలో మామూలు ఏసీ, ఇంకో సగంలో ఈ పద్ధతి పెట్టి చూశారు. రెండో సగంలో చల్లబరచడానికి పట్టిన కరెంటు దాదాపు 34 శాతం తక్కువైంది.

మరి లోపల కూర్చున్నవాళ్లకు హాయిగా ఉందా? దీన్ని లెక్కగట్టడమే నా పని. డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాంగర్ 1970లో పుస్తకంగా తెచ్చిన పీఎంవీ సూత్రానికి ఆరు సంగతులు కావాలి: గాలి వేడి, చుట్టూ ఉన్న గోడలూ కప్పూ గాజుల సగటు వేడి, గాలి వేగం, తేమ, ఒంటిమీది బట్టలు, చేసే పని. జవాబు సున్నా వస్తే ఎక్కువమందికి వేడీ కాదు, చలీ కాదు. అప్పుడు కూడా నూటికి అయిదుగురికి నచ్చదని ఆ లెక్కే చెబుతుంది.

నేను చూసిన ఒక ఆఫీసులో గాలి 26 డిగ్రీలు, తేమ 50 శాతం, స్లాబు 21. కూర్చున్న మనిషి చుట్టూ కనిపించేదాంట్లో స్లాబు వాటా సుమారు 40 శాతం. మిగతావన్నీ 26లోనే ఉంటే సగటు 24. పొట్టి చేతుల చొక్కా, కంప్యూటర్ పని, దాదాపు కదలని గాలి: పీఎంవీ సున్నా దగ్గరే తేలింది. స్లాబు కూడా 26లోనే ఉందనుకుని, థర్మోస్టాట్ అంకె ఒక్కటే చూసి లెక్కేస్తే 0.3 వస్తుంది. స్లాబు చేసే పని ఆ లెక్కలోకి రాదు.

అయినా పడమటి గాజు పక్కన కూర్చున్న అమ్మాయి మూడింటికల్లా ఫైలుతో విసురుకుంటోంది. మీద ఎండ పడటం లేదు. బల్ల మీద నల్లటి గ్లోబ్ థర్మామీటర్ పెట్టి ఇరవై నిమిషాలు ఆగాను. దాని రీడింగుతో లెక్కేస్తే చుట్టూ సగటు 29. గాలి మాత్రం అదే 26. పీఎంవీ 0.8కి ఎక్కింది, అంటే నూటికి సుమారు 18 మందికి నచ్చని చోటు. పేరుకు ఒకే హాలు, ఒకే థర్మోస్టాట్.

నీళ్లు ఇంకా చల్లగా పంపుదామన్నారు మెయింటెనెన్స్‌వాళ్లు. ఆ గాలిలో తేమ చెమ్మగా మారేది 15 డిగ్రీల దగ్గర. స్లాబు అంతకు దిగితే కప్పు చెమర్చి బల్లల మీద బొట్లు పడతాయి. వాన రోజు ఎవరో కిటికీ తెరిచారంటే ఆ హద్దు ఇంకా పైకి జరుగుతుంది. గాలిని 24కి దించితే ఆ ఒక్క సీటు కొంత కుదుటపడేది, కానీ హాలంతటికీ 26 వల్ల వచ్చే లాభం పోయేది. నేను గాజుకు బయట నీడ కట్టించమన్నాను. లోపలి తెర చాలదు, వేడెక్కాక అదే సెగ కొడుతుంది.