గురువారం ఎక్కడ ముగుస్తుంది?

ఆఫీసు మెసేజుల్లో గడువు చెప్పడానికి మూడు మాటలు బాగా తిరుగుతుంటాయి: ఎండ్ ఆఫ్ డే, బై నూన్, క్లోజ్ ఆఫ్ బిజినెస్. చదవగానే టైమ్ చెప్పేసినట్టే ఉంటుంది. పని మొదలుపెట్టాక గానీ చెప్పలేదని తెలియదు.

గచ్చిబౌలిలో ఒక టెస్టింగ్ టీమ్ ఉందనుకోండి. క్లయింటు న్యూజెర్సీలో. జూలైలో ఒక మంగళవారం అక్కడి మేనేజరు నుంచి మెయిల్ వచ్చింది: ‘టెస్ట్ రిపోర్ట్ గురువారం ఎండ్ ఆఫ్ డేకి కావాలి.’ టీమ్‌లో ముగ్గురు చదివారు. ఒకమ్మాయి తన షిఫ్టు ముగిసేది సాయంత్రం ఏడింటికి కాబట్టి అదే గడువనుకుంది. టీమ్ లీడు, అడిగింది వాళ్లు కాబట్టి రోజు కూడా వాళ్లదే అనుకున్నాడు. న్యూజెర్సీలో సాయంత్రం ఐదంటే వేసవిలో మనకు తొమ్మిదిన్నర గంటల తేడా, అంటే శుక్రవారం తెల్లవారుజామున రెండున్నర. మూడో అతను ఇంకాస్త అనుభవజ్ఞుడు. సాయంత్రం పంపితే ఎవరు చూస్తారు, శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి వాళ్లు కంప్యూటర్ తెరిచేసరికి ఉంటే చాలు కదా అన్నాడు. అది మనకు శుక్రవారం సాయంత్రం ఆరున్నర. మొదటి అర్థానికీ మూడో అర్థానికీ మధ్య ఇరవై మూడున్నర గంటలు. ముగ్గురిలో ఎవరిదీ తెలివితక్కువ ఊహ కాదు.

అసలు సంగతి మేనేజరు దగ్గరుంది. ఆవిడ ఆ రిపోర్టులోని అంకెలను తన రిలీజ్ నోట్‌లో చేర్చి, గురువారం ఐదింటికి వాళ్ల పైవాళ్లకి పంపాలి. చదివి, అనుమానాలు అడిగి, రాసుకోవడానికి రెండు గంటలైనా పడుతుంది. అంటే ఆవిడకు రిపోర్టు మధ్యాహ్నం మూడింటికే అందాలి. కానీ తనకిచ్చిన గడువునే యథాతథంగా కింది వాళ్లకి దించేసింది. అందుకే అందరికంటే సరిగ్గా అర్థం చేసుకున్న టీమ్ లీడు, చెప్పిన టైముకి సరిగ్గా పంపినా, ఆలస్యం చేసినవాడే అవుతాడు. నేను చూసినంతలో ఎండ్ ఆఫ్ డేతో వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం ఇదే. టైమ్ జోన్ లెక్క తప్పడం కంటే, మన పని ఎవరి చేతికి వెళ్తుందో, వాళ్లు దానితో ఏం చేయాలో చెప్పకపోవడమే పెద్ద లోపం.

ఆ మెయిల్ ఇలా ఉంటే సరిపోయేది: ‘రిపోర్ట్ గురువారం, జూలై 16, హైదరాబాద్ టైమ్ ప్రకారం రాత్రి 9 లోపు పంపండి (న్యూయార్క్‌లో ఉదయం 11:30). మధ్యాహ్నం దీన్ని రిలీజ్ నోట్‌లో చేర్చి సాయంత్రం 5కి నేను పంపాలి. లాగిన్ పేజీ ఫలితాలు తప్పనిసరి, మిగతావి శుక్రవారం వచ్చినా ఫర్వాలేదు.’ కాస్త పొడుగే, ఒప్పుకుంటాను. కానీ చివరి వాక్యం చూడండి. గడువు ముంచుకొస్తే ఏది వదిలేయవచ్చో ఆ అమ్మాయికి తెలిసిపోయింది. అర్ధరాత్రి ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు.

ఊరి పేరు రాయడంలో ఇంకో లాభం ఉంది. అమెరికా కంపెనీల మెయిళ్లలో తరచూ ఏడాదంతా ‘ఈఎస్‌టీ’ అనే రాస్తారు. అక్షరాలా తీసుకుంటే అది చలికాలపు ప్రామాణిక సమయం, మనకంటే పదిన్నర గంటలు వెనుక. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అక్కడ నడిచేది ‘ఈడీటీ’, తేడా తొమ్మిదిన్నరే. జూలైలో ఈఎస్‌టీ అని చదివి నిజాయితీగా లెక్కేసినవాడు గంట ఆలస్యంగా పంపుతాడు. ‘న్యూయార్క్ టైమ్’ అంటే ఆ గోల లేదు. మన ఐఎస్‌టీ కూడా అంత క్షేమం కాదు, ఐర్లాండ్ వాళ్లూ ఇజ్రాయెల్ వాళ్లూ తమ సమయాన్ని అవే మూడక్షరాలతో రాసుకుంటారు.

మధ్యాహ్నం సంగతి కొంచెం వేరు. ‘బై నూన్’ రాసినవాడి మనసులో పన్నెండే ఉంటుంది. దాన్ని మనం ‘మధ్యాహ్నంలోపు’ అని చదువుకుంటాం. మన మధ్యాహ్నం భోజనం ముగించుకుని, మూడు దాటేదాకా సాగుతుంది. పోనీ ‘12 పీఎం’ అని రాస్తే? అమెరికాలో సమయ ప్రమాణాలు చూసే నిస్ట్ సంస్థే, పన్నెండుకి ఏఎం, పీఎం తగిలిస్తే అయోమయమనీ, ఒప్పందాల్లో 11:59 పీఎం, 12:01 ఏఎం లాంటివి రాసుకోవడం మేలనీ సలహా ఇస్తుంది. ‘శుక్రవారం అర్ధరాత్రి’ మరీ ప్రమాదం. 12వ తేదీ 00:10కి బయల్దేరే రైలు కోసం 12వ తేదీ రాత్రి పెట్టెలు మోసుకెళ్లిన కుటుంబాలు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. రైలు అప్పటికి దాదాపు ఒక రోజు ముందే వెళ్లిపోయింది. మెసేజుల్లో నేనైతే ‘ఉదయం 11:45 లోపు’, ‘శుక్రవారం రాత్రి 11:59 లోపు’ అని రాస్తాను. ఆ పదిహేను నిమిషాలు తగ్గించడం వల్ల ఎవరి కొంపా మునగదు.

ఇక క్లోజ్ ఆఫ్ బిజినెస్. ఎవరి బిజినెస్ అన్నదే చిక్కు. ఎన్ఎస్‌ఈలో షేర్ల ట్రేడింగ్ మామూలు రోజుల్లో మూడున్నరకి ముగుస్తుంది. బ్యాంకు కౌంటరు మూసేది ఒకప్పుడు, లోపలివాళ్లు ఇంటికెళ్లేది ఇంకొకప్పుడు. ‘బ్యాంకు మూసేలోపు డబ్బు వేయండి’ అనే మాటకు వెనకటి బలమూ లేదు. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి రాత్రీ పగలూ నడుస్తున్నాయి. కౌంటరులో డీడీ తీయాలంటే మాత్రం అది తెరిచి ఉండాలి.

ఈ విషయంలో మ్యూచువల్ ఫండ్ల నిబంధన నాకు బాగా నచ్చుతుంది. ఈక్విటీ పథకంలో ఆ రోజు ధరకే యూనిట్లు కావాలంటే గడువు మధ్యాహ్నం మూడు. అంతవరకే చెప్పి ఊరుకోలేదు. 2021 ఫిబ్రవరి 1 నుంచి, ఆ మూడింటికల్లా దరఖాస్తు అందడమే కాదు, డబ్బు కూడా ఫండ్ చేతికి చేరి వాడుకోవడానికి సిద్ధంగా ఉండాలి. రెండూ యాభైకి పంపితే, అది మూడూ పదికి చేరితే, మర్నాటి ధరే. నష్టపోయినవాళ్లు తిట్టుకుంటారు గానీ, గడువుకల్లా ఏం జరిగి ఉండాలో ఇంత స్పష్టంగా మన ఆఫీసు మెసేజులు చెప్పవు. ‘రిపోర్ట్ ఐదింటికి’ అంటే మెయిల్ పంపడమా, లీడు చూసి సరేననడమా, క్లయింటు ఫోల్డర్‌లో ఉండటమా?

ఇన్ని తెలిసినవాళ్లు కూడా మళ్లీ ఎండ్ ఆఫ్ డే అనే రాస్తారు. బద్ధకం ఒక కారణం. దానికంటే మొహమాటం ఎక్కువ. ‘సాయంత్రం 4:30’ అని రాస్తే హుకుం జారీ చేసినట్టుంటుందని, పెద్దవాళ్లకైతే మరీ బాగోదని జంకు. టైమ్ పక్కన కారణం పెడితే ఆ కరుకు పోతుంది: ‘సార్, ఐదింటికి ప్రింటింగ్ ప్రెస్‌కి పంపాలి. 4:30 లోపు మీ మార్పులు అందితే చేర్చేస్తాను.’ ఇది హుకుం కాదు, ఆయనకి చేసిన సాయం.

టైమ్ లేని మెసేజ్ మనకే వస్తే ‘ఎండ్ ఆఫ్ డే అంటే ఎన్నింటికి?’ అని అడగడం కంటే మనమే టైమ్ పెట్టి పంపడం మేలు. అడిగితే జవాబుకి ఒక పూట పోతుంది, అవతలివాళ్లది వేరే దేశమైతే ఒక రాత్రే పోతుంది. ‘గురువారం రాత్రి 8కి పంపుతాను, మీకది ఉదయం 10:30. ఇంకా ముందు కావాలంటే బుధవారంలోపు చెప్పండి’ అని రాయాలి. అలా రాశాక ‘బుధవారంలోపు’ అన్న ముక్కని ‘బుధవారం మీ ఉదయం 10 లోపు’ అని దిద్దాలి.