నీళ్లలో పనీర్ ఎన్నాళ్లు నిలుస్తుంది?

పాలు విరిచి, గుడ్డలో వడకట్టి, బరువు కింద నొక్కిన పనీర్ దిమ్మను చల్లటి నీళ్లలో వేయడం డెయిరీల్లో తయారీలో ఒక భాగం. 4 నుంచి 6 డిగ్రీల నీటిలో రెండు మూడు గంటలు ఉంచితే దిమ్మ త్వరగా చల్లబడుతుంది, లోపలి వెన్న గట్టిపడుతుంది, ముక్కలు కోసినప్పుడు పొడిపొడి కాకుండా వస్తాయి. ఇళ్లలో మాత్రం ఇదే పద్ధతిని రోజుల తరబడి నిల్వ చేయడానికి వాడుతున్నారు. అక్కడే జాగ్రత్త అవసరం.

పనీర్ బరువులో సగానికి పైగా నీరే ఉంటుంది. మూత లేకుండా ఫ్రిజ్‌లో పెడితే పైభాగం ఎండి, పసుపు రంగుకు తిరిగి, అంచులు గట్టిపడతాయి. నీళ్లలో ముంచితే ఈ ఎండిపోవడం ఆగుతుంది. పాడవడం మాత్రం ఆగదు. దిమ్మలో మిగిలిన విరుగుడు తేట మెల్లగా నీళ్లలోకి దిగుతుంది. దాంతోపాటు పాలలోని చక్కెర, కొద్దిగా మాంసకృత్తులు కూడా వస్తాయి. మర్నాటికి నీళ్లు తెల్లగా మసకబారడానికి కారణం ఇదే. ఆ మసక చూసి పాడైందనుకోనక్కర్లేదు, కానీ సూక్ష్మజీవులకు అదే తిండి. సూడోమోనాస్ వంటి కొన్ని రకాల బ్యాక్టీరియా ఫ్రిజ్ చలిలోనూ పెరుగుతాయి. పాలు బాగా మరిగించి చేస్తారు కాబట్టి దిమ్మ లోపలి భాగం చాలావరకు శుభ్రంగానే ఉంటుంది. గుడ్డ, చెయ్యి, కత్తి, నీళ్లు తగిలేది పైభాగానికి. అందుకే చెడు ఎప్పుడూ పైనుంచే మొదలవుతుంది.

లీటరు చిక్కటి గేదెపాలు విరిస్తే సుమారు 200 గ్రాముల పనీర్ వస్తుంది. అందులో సగం ఆ రోజు కూరకు వాడి, మిగతా సగం దాచాలనుకుందాం. ఆ సగాన్ని ముక్కలు చేయకుండా దిమ్మగానే ఉంచాలి. ఎన్ని ముక్కలు చేస్తే అంత ఎక్కువ పైభాగం నీళ్లకు తగులుతుంది. శుభ్రమైన స్టీలు లేదా గాజు డబ్బాలో దిమ్మ పెట్టి, కాచి చల్లార్చిన నీళ్లు అది పూర్తిగా మునిగేలా పోసి మూతపెట్టాలి. డబ్బాను ఫ్రిజ్ తలుపులో కాకుండా లోపలి అరలో, వెనక వైపు పెట్టాలి. రోజూ ఆ నీళ్లు పారబోసి, డబ్బా కడిగి, కొత్త నీళ్లు పోయడమే అసలు పని. చిటికెడు ఉప్పు వేస్తే నిలుస్తుందన్న మాట నమ్మదగింది కాదు. పాడవకుండా ఆపేంత ఉప్పు వేస్తే పనీర్ తినలేనంత ఉప్పగా మారుతుంది.

ఇంత చేసినా మూడు రోజులు దాటితే తాజా రుచి తగ్గుతుంది. ఆరో రోజు వచ్చేసరికి గడువు ముగిసినట్టే. ఫ్రిజ్ బయట ఒక రోజుకు మించి నిలవదు. ఏప్రిల్, మే ఎండల్లో ఆ ఒక్కరోజు కూడా ఆశించకూడదు. బజారులో తొట్టినీళ్లలో తేలే పనీర్ కొనేవాళ్లు ముందు ఆ నీళ్ల వాసన చూడటం మంచిది.

పాడైందో లేదో తేల్చాలంటే నీళ్లు వంపి, దిమ్మను మంచినీళ్లతో ఒకసారి కడిగి, అప్పుడు వాసన చూడాలి. నిమ్మరసంతోనో వెనిగర్‌తోనో విరిచిన పనీర్‌కు మొదట్లో లేత పులుపు వాసన ఉంటుంది, కడిగితే పోతుంది. కడిగాక కూడా పులిసిన వాసన, ముక్కిన వాసన వస్తే పాడైనట్టే. ఆ తర్వాత వేలితో రుద్ది చూడాలి. మంచి పనీర్ తడిగా ఉన్నా కాస్త గరుకుగా తగులుతుంది. పాడైంది కోసిన బెండకాయలా జిగురుగా జారుతుంది. ఆ జిగురు బ్యాక్టీరియా అల్లుకున్న పొర. పైపైన కడిగితే జారుడు పోవచ్చు గానీ, లోపలికి దిగిన చెడు పోదు. నూనెలో వేయిస్తే సరిపోతుందనుకోవడం ఇంకా ప్రమాదం. స్టఫైలోకాకస్ వంటివి ముందే విడిచిన విషపదార్థం వంట వేడికి నశించదు. జిగురు పట్టిన దిమ్మలో బాగున్న భాగం వెతకకుండా మొత్తం పారేయాలి.

టోఫుకూ దాదాపు ఇదే లెక్క. నీళ్లతో సీలు చేసిన ప్యాకెట్టు మీద వేసిన తేదీ దాన్ని తెరిచేంతవరకే. తెరిచాక రోజూ నీళ్లు మారుస్తూ మూడు నుంచి ఐదు రోజుల్లో వాడేయాలి. తాజా టోఫుకు సోయా గింజల లేత వాసన తప్ప పులుపు ఉండదు కాబట్టి, పుల్లటి వాసన తగిలితే మరో పరీక్ష అక్కర్లేదు. తెరవకముందే ప్యాకెట్టు ఉబ్బి ఉంటే కొనకూడదు.

మూడు రోజుల్లో వాడే వీలు లేదనిపిస్తే, నీళ్లలో ఉంచడం మాని తొలిరోజే పనీర్‌ను తడి తుడిచి, గాలి చొరని సంచిలో కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టడం మేలు. వాడేటప్పుడు ఫ్రిజ్ కింది అరలో కరగనివ్వాలి. కరిగాక ముక్కలు కాస్త పొడిపొడిగా విడిపోతాయి, కాబట్టి అది వేపుళ్ల కంటే బుర్జీకి, పరాఠాల్లో కూరడానికి బాగా పనికొస్తుంది.