పదో మనిషి

ఆటోనగర్‌లో ఏ షెడ్డుకెళ్లి అడిగినా పనివాళ్లు తొమ్మిది మందే ఉంటారు. పది మంది అయితే ఈఎస్ఐ వస్తుంది, ఇరవై అయితే పీఎఫ్ వస్తుంది, అదీ సంగతి. సాయంత్రం ఊడ్చే ఆవిడ, రాత్రి వాచ్‌మన్, కాంట్రాక్టరు పంపిన కుర్రాడు లెక్కలోకి రారని చాలామంది నమ్మకం. వస్తారు. పైగా ఒకసారి కోడ్ నంబరు వచ్చాక మనుషులు తగ్గినా అది పోదు.

మా లేత్ షాపులో పదో మనిషి ఒడిశా నుంచి వచ్చిన హెల్పర్. ఈఎస్ఐకి పదిహేను రోజుల గడువుంది. పీఎఫ్‌కి ఇరవై మంది లేకపోయినా, మాకు జాబ్‌వర్క్ ఇచ్చే పార్టీ బిల్లుతో పాటు పీఎఫ్ చలాన్ అడుగుతోంది. అలాంటప్పుడు స్వచ్ఛందంగా చేరొచ్చు, కాకపోతే పనివాళ్లలో ఎక్కువమంది ఒప్పుకోవాలి. పాన్, షెడ్డు అద్దె ఒప్పందం, బ్యాంకు వివరాలు, డిజిటల్ సంతకం దగ్గర పెట్టుకుంటే శ్రమ్ సువిధ పోర్టల్లో రిజిస్ట్రేషన్ పెద్ద పని కాదు. కష్టమంతా మనుషుల్ని ఒప్పించడంలోనూ, ఎక్కించడంలోనూ ఉంది.

మా పెద్ద టర్నర్ మొదటే అడిగాడు: "బాబూ, చేతికొచ్చేది తగ్గితే ఇంట్లో ఏం చెప్పుకోవాలి?" న్యాయమైన ప్రశ్నే. హెల్పర్ జీతం 14,000 అనుకోండి. పీఎఫ్‌కి 12 శాతం, అంటే 1,680, ఈఎస్ఐకి ముప్పావు శాతం, అంటే 105 పోతాయి. చేతికి 12,215 వస్తాయి. నా వంతు పీఎఫ్ మరో 1,680, ఈఎస్ఐకి 3.25 శాతం లెక్కన 455. నా 1,680లో 1,166 పెన్షన్‌కి వెళ్తుంది, మిగతాది అతని ఖాతాలో పడుతుంది. వీటిపైన బీమాకూ, ఆఫీసు ఖర్చులకూ కొంత నేనే కట్టాలి. యజమాని వాటా కూడా జీతంలోంచే కోసేవాళ్లున్నారు. అది చట్టవిరుద్ధం. ఆ నెల జీతంలో పట్టుకోవడం మరిచిపోయి తర్వాత పాత బాకీలా పట్టుకుంటానన్నా కుదరదు, అది మన మీదే పడుతుంది.

ఇక ఎక్కించడం. వెల్డర్ ఇదివరకు ఓ కంపెనీలో చేశాడు, అక్కడే యూఏఎన్ ఉంది. ఆ మాట చెప్పడు, ఎందుకంటే ఆ పన్నెండంకెల నంబరు అతనికి గుర్తులేదు. అందుకే ఫారం 11లో 'ఇంతకుముందు సభ్యుడివా?' అన్న గడిని చదివి వినిపించి నింపించాలి. రెండో యూఏఎన్ పుట్టిందంటే పాత సర్వీసు ఒకచోట, కొత్తది మరోచోట పడి పెన్షన్ లెక్క ముక్కలవుతుంది. అతని పేరు ఆధార్‌లో ఒకలా, పాత రికార్డులో ఇంటిపేరుతో కలిపి మరోలా ఉంది. జాయింట్ డిక్లరేషన్ పెట్టి ముందు దాన్ని సరిచేశాకే కేవైసీ ఆమోదం అయింది. కొత్తవాళ్లకి మాత్రం యూఏఎన్ ఇప్పుడు ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించి తీసుకోవాలి. వెల్డింగు కొట్టే మూలన కాకుండా బయట వెలుతురులో నిలబెట్టండి.

ఈఎస్ఐలో మా వాళ్లంతా తేలిగ్గా తీసుకునే గడి డిస్పెన్సరీ. షాపుకి దగ్గరున్నది పెట్టేస్తారు. జబ్బు చేస్తే మనిషి ఇంట్లో ఉంటాడు కానీ లేత్ దగ్గర ఉండడు కదా! ఇంటికి దగ్గరున్నదే పెట్టాలి. కుటుంబం వేరే ఊళ్లో ఉంటే వాళ్లకి అక్కడి డిస్పెన్సరీ ఎంచుకోవచ్చు. మా హెల్పర్ భార్యాబిడ్డలు ఒడిశాలోనే ఉన్నారు, వాళ్లకి అక్కడిదే రాశాం.

వైద్యం చేరిన రోజు నుంచే ఉంటుంది. పనిలో దెబ్బ తగిలితే ఇచ్చే పరిహారం కూడా అంతే: పని చేయలేని రోజులకి జీతంలో 90 శాతం. జబ్బు సెలవుకిచ్చే 70 శాతం మాత్రం, చందా కాలంలో 78 రోజుల చందా పడ్డాకే, అదీ కొత్తవాడికి తొమ్మిది నెలలాగాక వస్తుంది.

అయినా మా పేటలో ఆనవాయితీ ఏమిటంటే, 'నిలుస్తాడో లేదో చూసి' నెలాఖరుకి పేరు ఎక్కించడం. నా లెక్కలో ఇంతకంటే బుద్ధితక్కువ పొదుపు లేదు. మెషిన్ మీద చెయ్యి తిరగనిది ఆ మొదటి వారాల్లోనే, చెయ్యి తెగేదీ అప్పుడే. దెబ్బ తగిలాక పేరు ఎక్కిస్తే కార్పొరేషన్ ఆరా తీస్తుంది, ఇచ్చిన పరిహారాన్ని యజమాని దగ్గర రాబట్టే అధికారం దానికుంది. రూలు పది రోజులిస్తుంది. మీరు మాత్రం ఆధార్ చూసి, నంబరు పుట్టించి, కాగితం చేతికిచ్చాకే కుర్రాణ్ణి డ్రిల్లింగ్ మెషిన్ దగ్గరికి పంపండి.