ఈనాటి మాట: సంకల్పం

‘సం’ అనే ఉపసర్గ ముందు చేరి, సామర్థ్యాన్ని, సమకూర్చడాన్ని తెలిపే ధాతువు నుంచి ఏర్పడిన మాట సంకల్పం. సంస్కృతంలో ఇది పుంలింగం, సంకల్పః. తెలుగులో ‘గట్టి నిశ్చయం’ అని అర్థం చెప్పుకుంటాం. పలికేటప్పుడు సున్నను ‘మ్’గా పెదవులు మూసి అనకూడదు. తర్వాత క ఉంది కాబట్టి అది కంఠంలో పుట్టే ‘ఙ’ అవుతుంది: సఙ్కల్ప.

పూజలో చాలా భాగం ఎక్కడైనా, ఎప్పుడైనా ఒకేలా చదవవచ్చు. సంకల్పం మాత్రం ఊరు మారినా రోజు మారినా మారాలి. 2024 ఉగాదినాడు ఖమ్మంలో పూజకు కూర్చున్న గృహస్థు శ్రీశైలానికి ఈశాన్యాన, కృష్ణా గోదావరుల నడుమ ఉన్నానంటాడు. క్రోధి సంవత్సరం, ఉత్తరాయణం, వసంత ఋతువు, చైత్ర శుక్ల పాడ్యమి చెప్పి, మంగళవారాన్ని ‘భౌమవాసరే’ అంటాడు. అదే ఉదయం నెల్లూరులో కూర్చున్నవారికి కాలం అంతా అదే గానీ దిక్కు ఆగ్నేయం, నదులు కృష్ణా కావేరులు. ఆ తర్వాత గోత్రం, పేరు, ఏ కోరికతో ఏ పూజ చేస్తున్నదీ చెప్పి, అక్షతలతో నీళ్లు వదులుతారు. అందుకే రికార్డు పెట్టుకుని వ్రతం చేసేవారు ఈ ఒక్కచోట ఆపి తమ వివరాలు తామే చెప్పుకోవాలి. లేకపోతే చదివినవారి ఊరు, చదివిననాటి తిథి మన పూజలోకి వచ్చేస్తాయి.

చివర వచ్చే ‘కరిష్యే’ నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. ఇది ఆత్మనేపదం. ఫలం చేసేవాడికే చెందేటప్పుడు వాడే రూపం. పురోహితుడు ఇంకొకరి కోసం చేస్తే వ్యాకరణం ‘కరిష్యామి’ అనమంటుంది. కాబట్టి యజమాని పెదవి కదపకుండా పురోహితుడొక్కడే ‘కరిష్యే’ అంటే, ఆ మాటకు కర్త ఎవరో తేలదు. ‘ష’ను నాలుక మడిచి పలకాలి. ‘కరిస్యే’ అనడం తరచుగా వినిపించే పొరపాటు.

దేవుడికి తిథి, ఊరు తెలియవా అని అడిగేవారున్నారు. తెలుసు. కానీ సంకల్పం దేవుడికిచ్చే సమాచారం కాదు, చేసేవాడు తనను తాను ఒక చోట, ఒక క్షణంలో నిలుపుకునే మాట. మరి భగవద్గీత ఆరో అధ్యాయం సంకల్పాన్ని విడిచిపెట్టమంటుంది కదా అన్నది ఇంతకంటే బరువైన ఆక్షేపం. అక్కడ విడవమన్నది ఫలం మీది తలపును. కర్మను విడవమని కాదు, చేయవలసింది చేయాలనే అక్కడా చెప్పింది. ఫలాపేక్ష లేనివారు భగవత్ప్రీతి కోసం అని సంకల్పం చెప్పుకునే పద్ధతి అందుకే ఉంది.

సంస్కృతం నోరు తిరగకపోతే ఊరు, తిథి, గోత్రం, ఉద్దేశం తెలుగులో చెప్పుకున్నా పని జరుగుతుందనే నా అభిప్రాయం. అర్థం తెలియని దిక్కును తప్పుగా చదవడం కంటే అది మేలు. అమెరికాలో ఉన్నవారికి జంబూద్వీపం, శ్రీశైలం దిక్కు కుదరవు. కొందరు పురోహితులు అక్కడ క్రౌంచద్వీపం అని చెప్పి, దగ్గరి నది పేరు చేరుస్తారు.